ఉగాది శనివారం పనులు, మాస్టారి ఆడియో

సుజాత: ఇంకా నాలుగు రోజులే ఉంది. పులిహోర, మామిడాకులు, పిల్లల మేకప్, పార్కింగ్ దగ్గర ఇద్దరు. ఎవరు ఏది చూస్తారో రాత్రిలోగా చెప్పండి. ఇంకో మాట. మాస్టారి పద్యాల రికార్డింగ్ ఇప్పుడే విన్నాను, బావిలోంచి మాట్లాడినట్టుంది. పిల్లలు దానికే అడుగులు వేయాలి, నాకు టెన్షన్‌గా ఉంది.

రమణ: ఆడాసిటీలో నాయిస్ రిడక్షన్ చేశాను. ఏసీ హోరు పోయింది కానీ ప్రతిధ్వని పోలేదు. ఇంకా గట్టిగా చేస్తే గొంతు నీళ్లలో మునిగినట్టయింది.

వెంకట్: మా బాబు పుట్టినరోజు వీడియోలో బాస్ తగ్గిస్తే సరిపోయింది. అదే చేయండి.

శ్రీధర్: బాస్ తగ్గిస్తే బొంయ్‌మనే మోత కొంత పోతుంది వెంకట్, మాట మాత్రం తేటపడదు. రమణగారూ, ఏసీ హోరు మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటుంది, అందుకే నమూనా ఇస్తే పోయింది. ఇక్కడ ప్రతిధ్వని కూడా మాస్టారి గొంతే. గోడలకు తగిలి ఆలస్యంగా వచ్చి తర్వాతి అక్షరం మీద పడుతోంది. చిన్న శబ్దాలను మూసేసే గేట్ పెడితే మాట ఆగినచోట తోక తెగుతుంది తప్ప అక్షరాల మీద పడ్డది పోదు. ఫోన్ ఎక్కడ పెట్టారు?

హిమ: ముందు వరస కుర్చీలో. మాస్టారు స్టేజి మీద, పదడుగుల దూరం ఉంటుంది.

సుజాత: ఖాళీ హాల్లో అంత దూరం నుంచి ఎవరు తీయమన్నారమ్మా?

హిమ: మర్నాడే ఆయన విమానం. నేను తీయకపోతే ఇదీ ఉండేది కాదక్కా.

శ్రీధర్: హిమా, గ్రూపులో పెట్టింది వాట్సాప్ నలిపేసిన ఫైలు. ఫోన్లో ఉన్న అసలుది డ్రైవ్‌లో పెట్టు.

శ్రీధర్: అసలు ఫైలు మీద ప్రతిధ్వని తగ్గించే డీరివర్బ్ నడిపాను. సగం దాకా తగ్గిస్తే మాట దగ్గరికొచ్చింది. అది దాటితే స, శ కరిగిపోయి పద్యం చివర్లు మింగేసినట్టున్నాయి. సగం దగ్గరే ఆపాను. హెడ్‌ఫోన్లలో పరవాలేదు. కానీ శనివారం స్పీకర్లలో వేస్తే హాలు తన ప్రతిధ్వని మళ్లీ కలుపుతుంది. జనం నిండితే ఆ రెండోది తగ్గుతుంది, రికార్డులో ఉన్నది తగ్గదు. మాస్టారిని రాజమండ్రిలోనే మళ్లీ చదవమందాం. బట్టల బీరువా తెరిచి, బట్టలకెదురుగా నిలబడి, ఫోన్ నోటికి జానెడు దూరంలో కాస్త పక్కగా పట్టుకోవాలి.

హిమ: మాస్టారు పంపారు! అయిదులో మూడే. గొంతు బొంగురుపోయిందట, మిగతావి చెప్పలేనన్నారు.

రమణ: మూడు తేటగా, రెండు హాల్లోంచి వస్తే అతుకు తెలిసిపోతుంది. ఆ రెండూ హిమ మైకులో చదివితే నయం.

శ్రీధర్: కొత్తవాటికి కొంచెం రివర్బ్ కలిపి పాతవాటికి దగ్గర చేస్తాను. పిల్లలు ఆయన గొంతుకే అలవాటుపడ్డారు.

సుజాత: హిమా, పొద్దున నేనలా అనాల్సింది కాదు. శుక్రవారం ఆరింటికి హాలు తెరుస్తారు. శ్రీధర్ చేసిందీ, నువ్వు చదివిందీ రెండూ వేసి వెనక వరసలో కూర్చుని విందాం. పెద్ద స్పీకరు ఎవరి కార్లో పడుతుంది?