వెళ్ళిపోయే లైటింగ్ ఆర్టిస్టు అప్పగింత పత్రంలో అంకెలు ఉండాలా, కారణాలు ఉండాలా?

కొత్తగా చేరినవాడు:
యూనిటీలో చేస్తున్న మొబైల్ ఆట మాది. మా లైటింగ్ ఆర్టిస్టు ఉద్యోగం మానేస్తూ రెండు పేజీల అప్పగింత పత్రం ఇచ్చారు. మొదటి పేజీ నిండా లైట్‌మ్యాప్ సెట్టింగుల అంకెలే. రెండో పేజీలో, తెలిసిన సమస్యల కింద, "మండపం సీనులో స్తంభాల అంచున నల్ల గీత వస్తుంది, `Pillar.fbx` ను ముట్టుకోవద్దు" అని ఉంది, కారణం లేదు. అంకెలు ప్రాజెక్టులో ఎలాగూ ఉన్నాయి. ఇలాంటి పత్రంలో అసలు ఏమి రాయాలి? "ముట్టుకోవద్దు" అన్న మాటను నేను పాటించాలా?

రెండు నిమిషాల బేక్:
అంకెల పేజీ వృథా. అవన్నీ `.lighting` ఫైలులో ఉంటాయి, ఆ ఫైలు గిట్‌లో ఉంటుంది, పాత విలువ కావాలన్నా అక్కడే దొరుకుతుంది. పత్రంలో రాసిన అంకె నెల తిరిగేసరికి పాతబడి, చదివినవాణ్ణి తప్పుదారి పట్టిస్తుంది. నల్ల గీత సంగతికి వస్తే, అది పక్క ముక్క రంగు ఇటు కారడం తప్ప మరేమీ కాదు. లైటింగ్ సెట్టింగుల్లో `Lightmap Padding` ను 2 నుంచి 8కి పెంచి మళ్ళీ బేక్ చేస్తే పోతుంది. దీనికి "ముట్టుకోవద్దు" అని భయపెట్టడం ఎందుకో అర్థం కాలేదు.

పాత దీపం:
రంగు కారుతోందన్న మాట సరైనదే కావచ్చు, మందు మాత్రం వేరే రోగానిది. మీరు చెప్పిన ప్యాడింగ్ అట్లాసులో ఒక వస్తువుకూ పక్క వస్తువుకూ మధ్య ఉంచే ఖాళీ. ఒకే మెష్‌లోని యూవీ ముక్కల మధ్య ఖాళీని అది మార్చదు, అది మోడల్‌ను దిగుమతి చేసుకునేటప్పుడే నిర్ణయమైపోతుంది. కాబట్టి కొత్తగా చేరినవారు ముందు ఒక పని చేయాలి. స్తంభాన్ని ఎంచుకుని బేక్ అయిన లైట్‌మ్యాప్ ప్రివ్యూ తెరిచి, నల్ల గీత వచ్చిన ముక్కకు ఆనుకుని ఉన్నది వేరే వస్తువా, ఆ స్తంభానిదే మరో ముక్కా అన్నది చూడండి. సీన్ వ్యూలో `UV Overlap` పెడితే, మరీ దగ్గరైన టెక్సెళ్ళు ఎర్రగా కనిపిస్తాయి. తరువాత `Pillar.fbx.meta` లో ఈ వరుసలు ఎలా ఉన్నాయో ఇక్కడ పెట్టండి:

```
generateSecondaryUV
secondaryUVMarginMethod
secondaryUVPackMargin
```

అంకెలన్నీ `.lighting` ఫైలులో ఉంటాయన్న మాటతోనూ నేను ఏకీభవించను. సీను మొత్తానికి వర్తించేవే అక్కడ ఉంటాయి. వస్తువు వస్తువుకూ మార్చిన `Scale In Lightmap` సీను ఫైలులో, మెష్ యూవీల సంగతి మెటా ఫైలులో ఉంటాయి. ఆ విలువలు గిట్‌లో కనిపిస్తాయి నిజమే, కానీ ఏది ఆలోచించి పెట్టినదో, ఏది ఎవరూ చూడక అలాగే మిగిలిపోయినదో గిట్ చెప్పదు.

గాజు కిటికీ:
మా ఆటలోనూ అచ్చం ఇదే జరిగింది. ఎడిటర్‌లో కిటికీ పక్కన నేలమీద ఎండ మెరిసేది, ఫోనులో మాత్రం సున్నం కొట్టినట్టు చదునుగా ఉండేది. వారం రోజులు లైట్ల తీవ్రతతో కుస్తీ పట్టాక తేలిందేమిటంటే, ప్లేయర్ సెట్టింగుల్లో `Lightmap Encoding` తక్కువ నాణ్యతలో ఉంది. లీనియర్ ప్రాజెక్టులో ఆ పద్ధతి సుమారు 4.59 దాటిన వెలుగును కోసేస్తుంది. మీ నల్ల గీతకూ అదే కారణం అయి ఉండవచ్చు, చూసుకోండి.

పాత దీపం:
గాజు కిటికీ గారూ, అది మరీ ప్రకాశవంతమైన చోట్లను చదును చేస్తుందే గాని, అంచున నల్ల గీత గీయదు. పైగా ఈ గీత ఎడిటర్‌లోనే కనిపిస్తున్నట్టుంది. అయితే మీ అనుభవం అసలు ప్రశ్నకు పనికివస్తుంది. ఆ సెట్టింగు లైటింగ్ విండోలో కనిపించదు కాబట్టి, లైటింగ్ ఆర్టిస్టు రాసి ఇవ్వకపోతే తరువాత వచ్చినవారు అక్కడ వెతకరు.

కొత్తగా చేరినవాడు:
చూశాను. గీత ఎడిటర్‌లోనూ ఉంది. ప్రివ్యూలో స్తంభం పక్కముఖానికి ఆనుకుని ఉన్నది ఆ స్తంభం అడుగుముఖమే. నేలకు ఆనుకుని ఉండటం వల్ల దానికి వెలుగు అందక పూర్తిగా నల్లగా ఉంది. మెటాలో వరుసగా 1, 0, 4 ఉన్నాయి. స్తంభం ఎత్తు 4 మీటర్లు, చుట్టుకొలత 2 మీటర్లు. సీను రిజల్యూషన్ యూనిట్‌కు 20 టెక్సెళ్ళు. ఇదే మెష్ మరో మూడు సీన్లలోనూ ఉంది.

పాత దీపం:
అయితే లెక్క కుదిరింది. ఆ 4 అన్నది, మెష్ ఒక్కటే 1024 × 1024 లైట్‌మ్యాప్ అంతా ఆక్రమిస్తుందని అనుకుని పెట్టే పిక్సెళ్ళ ఖాళీ. మీ స్తంభం ఉపరితలం 8 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 400 టెక్సెళ్ళ చొప్పున 3,200 అవుతాయి. ముక్కల మధ్య వృథాను కలుపుకుంటే అట్లాసులో దానికి దక్కేది ఉజ్జాయింపుగా 64 × 64 జాగా. 1024లో 4 పిక్సెళ్ళంటే 64లో పావు టెక్సెలే. పావు టెక్సెల్ ఎడంలో ఒకవైపు ఎండ, మరోవైపు కటిక చీకటి ఉంటే, జీపీయూ పక్క టెక్సెళ్ళను కలిపి చదివినప్పుడు నలుపు ఇటు రాక తప్పదు. రెండు టెక్సెళ్ళ ఖాళీ కావాలంటే 4 స్థానంలో 32 ఉండాలి.

ఇక "ముట్టుకోవద్దు" అన్నది ఎందుకో కూడా తెలుస్తోంది. ఆ అంకె మార్చిన మరుక్షణం మెష్ మళ్ళీ దిగుమతి అయి, లైట్‌మ్యాప్ యూవీలు కొత్తగా పరచుకుంటాయి. మిగతా మూడు సీన్లలో బేక్ అయి ఉన్న లైట్‌మ్యాపులు పాత యూవీలకు చేసినవి కాబట్టి, అక్కడి స్తంభాల మీద వెలుగునీడలు చెల్లాచెదురవుతాయి. నాలుగు సీన్లూ మళ్ళీ బేక్ చేసే వ్యవధి లేక ఆయన గీతను భరించి ఉంటారని నా ఊహ. ఇదే సంగతి రెండు వాక్యాల్లో రాసి ఉంటే మీకు ఈ ప్రశ్న అడిగే అవసరమే ఉండేది కాదు.

రెండు నిమిషాల బేక్:
ప్యాడింగ్ విషయంలో పొరపడ్డాను, ఒప్పుకుంటున్నాను. కానీ నాలుగు సీన్లనూ కదిలించడం దేనికి? మండపం కోసం స్తంభానికి వేరే ప్రతి తీసి, దానికి మాత్రమే 32 పెట్టి, ఆ ఒక్క సీనే బేక్ చేస్తే సరిపోతుంది.

మోడలర్‌ని:
ఆ ప్రతి తీసేవారు ఆ సంగతి ఎక్కడా రాయరు. నేను అసలు స్తంభం ఆకారం సరిదిద్దితే మూడు సీన్లలో మారుతుంది, మండపంలో పాతదే నిలిచిపోతుంది, చివరికి తప్పు నా నెత్తిన పడుతుంది. నన్ను అడిగితే అడుగుముఖాన్నే తీసేస్తాను. ఎవరికీ కనిపించని ముఖం అది, నలుపుకు మూలమూ అదే.

పాత దీపం:
తీసేయడం మంచిదే, కానీ దానితోనూ యూవీలు మారతాయి, బేక్ తప్పదు. కాబట్టి మిగతా మూడు సీన్లను వేరే కారణంతో ఎప్పుడు బేక్ చేస్తారో కనుక్కుని, అడుగుముఖం తొలగించడమూ 32 పెట్టడమూ అప్పుడే కలిపి చేయమంటాను. అందాకా గీత ఉండనివ్వండి.

రెండు నిమిషాల బేక్:
ఆ రోజు ఎప్పటికీ రాదు. విడుదలకు ముందు ఎవరూ పాత సీన్ల జోలికి పోరు. నా ఓటు ఇప్పటికీ ప్రతికే.

కొత్తగా చేరినవాడు:
మూడింటిలో రెండు సీన్లు ఇప్పటికే పరీక్ష దాటాయట, మూడోదాని సంగతి రేపు కనుక్కుంటాను. ఈలోగా పత్రంలో ఆ వాక్యం కింద ఇలా చేర్చాను: "గీతకు కారణం అడుగుముఖం. `secondaryUVPackMargin` 4గా ఉంది, 32 కావాలి. మారిస్తే ఈ మెష్ ఉన్న నాలుగు సీన్లూ మళ్ళీ బేక్ చేయాలి." అంకెల పేజీని తీసేయలేదు. అందులో ఏవి ఆయన కావాలని మార్చారో ఫోను చేసి అడిగి, వాటి పక్కన గుర్తు పెడతాను.