అప్‌డేట్: కన్వేయర్ బెల్ట్ మీద మూతలు వాలినట్టు కనిపించే సమస్య తీరింది

పాత ప్రశ్న: "బెల్ట్ ఆగితే గుండ్రంగా ఉండే మూతలు, కదిలేటప్పుడు కెమెరాలో పక్కకి వాలిన కోడిగుడ్డులా వస్తున్నాయి. ఎక్స్‌పోజర్ తగ్గించినా అంతే. ఎందుకు?"

జవాబిచ్చిన అందరికీ థాంక్స్. బొమ్మని ఒక్కో వరుసగా తీసే రోలింగ్ షట్టర్ వల్లేనన్న మాట నిజమైంది. మా పాత కెమెరా పై వరుస నుంచి కింది వరుస దాకా చదవడానికి సుమారు 20 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. మూత ఫ్రేమ్ ఎత్తులో పావు వంతు ఉంటుంది కాబట్టి, దాని పైఅంచుకీ కింది అంచుకీ మధ్య 5 మిల్లీసెకన్ల తేడా. సెకనుకు 1 మీటరు వేగంతో అది 5 మిల్లీమీటర్ల వాలు! ఎక్స్‌పోజర్ తగ్గిస్తే మసక పోతుందే తప్ప ఈ వాలు పోదు. అంచులు స్పష్టంగా ఉండి ఆకారం మాత్రమే వంగితే అనుమానించాల్సింది దీన్నే.

వరుసలన్నిటినీ ఒకేసారి తీసే గ్లోబల్ షట్టర్ కెమెరా పెట్టగానే మూతలు గుండ్రంగా వచ్చాయి, కానీ అంచులు మసకగానే ఉన్నాయి. 1 మిల్లీసెకను ఎక్స్‌పోజర్‌లో మూత 1 మిల్లీమీటరు జరిగిపోతుంది మరి. మా బొమ్మలో ఒక్కో పిక్సెల్ బెల్ట్ మీద 0.1 మిల్లీమీటరుకి సమానం, అందుకని ఎక్స్‌పోజర్‌ని 100 మైక్రోసెకన్లకు దించాం. అప్పుడు బొమ్మ బాగా చీకటైంది. కెమెరా ట్రిగ్గర్‌తో కలిసి వెలిగే స్ట్రోబ్ లైట్ పెట్టాకే పని పూర్తయింది. లైట్‌ని కూడా ముందే లెక్కలో వేసుకోండి.

లెన్స్ మార్చడం, ఫ్రేమ్ రేటు పెంచడం మా విషయంలో అక్కరకు రాలేదు.