అప్‌డేట్: పదకొండో వారంలోకి వచ్చాను

నేను అడిగిన ప్రశ్న: "గత ఏడాది తొమ్మిదో వారంలో గర్భం పోయింది. ఇప్పుడు మళ్లీ ఏడో వారం. బాత్రూమ్‌కు వెళ్లిన ప్రతిసారీ రక్తం కనిపిస్తుందేమోనని వణుకు. ఇంట్లో గుండె చప్పుడు వినే డాప్లర్ కొనుక్కోనా?"

కొనలేదు. ఈ దశలో దానికి బిడ్డ గుండె చప్పుడు దొరకడం కష్టమని, దొరక్కపోతే నేను బెంబేలెత్తిపోతానని డాక్టరుగారు అన్నారు. అంతకంటే ప్రమాదం, నా నాడినే బిడ్డదనుకుని నిశ్చింతగా ఉండిపోవడమట. అది నాకు తట్టనే లేదు.

దానికి బదులు పన్నెండో వారం దాకా రెండు వారాలకోసారి స్కాన్ చేస్తామన్నారు. స్కాన్ గర్భాన్ని కాపాడదని, నా మనసుకోసమేనని దాచకుండా చెప్పారు. పాత సంగతి ప్రతిసారీ మొదటినుంచి చెప్పలేనని ఏడిస్తే, నర్సుగారు ఫైలు మొదటి పేజీలోనే ఎర్ర పెన్నుతో రాశారు. అది చూసిన స్కాన్ డాక్టరు కొలతలకంటే ముందే "గుండె కొట్టుకుంటోందమ్మా" అన్నారు. పోయినసారి ఆ గదిలో నిశ్శబ్దమే నన్ను చంపింది.

తొమ్మిదో వారం మాత్రం నరకం. ఒకరోజు వికారం తగ్గగానే అంతా అయిపోయిందనుకున్నాను. వికారం రోజుకోలా ఉంటుందని, రక్తస్రావం గానీ తీవ్రమైన కడుపునొప్పి గానీ ఉంటే ఏ వేళైనా రమ్మని ఆసుపత్రివాళ్లు ఫోనులో చెప్పారు. ఆ రెండు గుర్తులూ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాను. భయం వేస్తే ముందు దాన్ని చదువుతాను.

బాత్రూమ్‌లో చూసుకోవడం ఇంకా మానలేదు, కాస్త తగ్గింది. అత్తయ్యగారికి ఇంకా చెప్పలేదు.