నూటికి ఒక్క కణంలోనే మలేరియా ఉంటే, రక్తం ఇంతలా ఎలా పడిపోయింది?

మాది పాడేరు వైపు. పోయిన నెల తమ్ముడికీ, చెల్లికీ ఒకే వారంలో ఫాల్సిపారం మలేరియా వచ్చింది. తమ్ముడి హిమోగ్లోబిన్ 11 నుంచి 7.2కి పడిపోయింది. చెల్లిది 10.8 నుంచి 10 దగ్గరే ఆగింది, జ్వరమూ తొందరగా తగ్గింది. చెల్లికి సికిల్ సెల్ ట్రెయిట్ ఉంది, అంటే సికిల్ సెల్ జన్యువు అమ్మానాన్నల్లో ఒక్కరి నుంచే వచ్చింది; తమ్ముడికి అది లేదు.

తమ్ముడి స్లైడ్‌లో నూటికి ఒక ఎర్రకణంలోనే పరాన్నజీవి కనిపించింది. అది కణంలోని హిమోగ్లోబిన్ తింటూ పెరిగి, సుమారు 48 గంటలకు కణాన్ని పగలగొట్టి బయటికొస్తుందని చదివాను. పగిలినవే లెక్కేస్తే ఇంత రక్తం పోకూడదు కదా! జబ్బు సోకని కణాలనూ ప్లీహం ఏరి పారేస్తుందనీ, మూలుగలో కొత్త రక్తం తయారవడం మందగిస్తుందనీ తర్వాత తెలిసింది. మందు పూర్తయ్యాక కూడా నాలుగు రోజులు హిమోగ్లోబిన్ తగ్గడానికి ఇదే కారణమా?

అసలు తిరకాసు చెల్లి విషయంలో. ట్రెయిట్ ఉన్నవాళ్లలో పరాన్నజీవి చేరిన కణం ఆక్సిజన్ తక్కువైనచోట కొడవలిలా వంగిపోతుందట, ప్లీహం దాన్ని ముందే పట్టేస్తుందట. అలాగైతే ఆ కణం కూడా పోయినట్టే కదా, మరి రక్తం ఎందుకు తగ్గలేదు? పరాన్నజీవి పిల్లలు పెట్టకముందే పోవడం వల్ల తర్వాతి విడతలో సోకే కణాలు తగ్గుతాయనుకుంటున్నాను. సరేనా? ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు, డాక్టర్లు ఎవరైనా చెప్పండి.

ట్రెయిట్ ఉంటే దోమతెర అక్కర్లేదని మా అత్త అంటోంది. చెల్లికీ మలేరియా వచ్చిందిగా అంటే వినదు.