‘ఏషియన్’ గడి ఒక్కటే ఎందుకు?

ప్రశ్న (శ్రీలక్ష్మి, టెక్సస్): అమెరికా దరఖాస్తుల్లో మనమూ, చైనీయులూ, ఫిలిప్పీన్స్ వారూ అందరం ‘ఏషియన్’ అనే ఒకే గడిలో టిక్ పెట్టాలి. ఇలా ఎందుకు కలిపారు? దీనివల్ల నిజంగా నష్టముందా?

రమణమూర్తి: ప్రభుత్వానికి మన తేడాలు పట్టకపోవడమే కారణం. మనల్ని అడగకుండానే ఆ గడిలో పడేశారు.

వసుంధర: రమణమూర్తి గారూ, పట్టింపు లేదన్న మాట కొంతవరకు నిజమే కానీ, అడగలేదన్నది సరికాదు. 1970 జనగణనలో భారతీయులను శ్వేతజాతీయులుగా లెక్కించారు. దానివల్ల వివక్షకు గురైనా అల్పసంఖ్యాకులకు దక్కే రక్షణ దక్కదని, మమ్మల్ని వేరుగా గుర్తించమని అక్కడి భారతీయ సంఘాలే కోరాయి. 1977లో సమాఖ్య ప్రభుత్వం జారీ చేసిన 15వ ఆదేశంలో ‘ఏషియన్ లేక పసిఫిక్ ద్వీపవాసి’ అన్న వర్గంలో భారత ఉపఖండం కూడా చేరింది. పౌరహక్కుల అమలును లెక్కగట్టడానికి పుట్టిన గడి అది. తరువాత ఆసుపత్రులూ బడులూ దాన్నే వాడుకున్నాయి.

నష్టం అక్కడే మొదలైంది. లెక్క అర్థం కావడానికి కల్పిత అంకెలు తీసుకుందాం: ఒక క్లినిక్‌లో చైనా మూలాలవారు 700 మంది, వారిలో మధుమేహులు 56, భారత మూలాలవారు 300 మంది, వారిలో మధుమేహులు 60. కలిపితే వెయ్యికి 116, అంటే నూటికి పన్నెండుకు లోపే. విడదీస్తే ఒకరిలో నూటికి 8, మరొకరిలో 20. కలిపిన అంకెను చూసే అధికారికి ఆ 20 కనిపించే దారే లేదు.

సుబ్బారావు: మా అమ్మను ఆసుపత్రికి తీసుకువెళితే హిందీ దుభాషిని పిలిచారు. ఆవిడకు హిందీ ముక్క రాదు. ఈ గడి వల్లే కదా?

వసుంధర: కాదండీ. భాషను వేరే ప్రశ్నగా అడుగుతారు. భారతీయులంటే హిందీయేనని ఎవరో ఊహించి ఉంటారు. చేరేటప్పుడే ‘తెలుగు దుభాషి కావాలి’ అని రికార్డులో రాయించండి.

కిశోర్: విడదీయడమూ ఉచితం కాదు. చిన్న కౌంటీలో ఆగ్నేయాసియా నుంచి వచ్చిన హ్మాంగ్ తెగ రోగులు నలుగురే ఉంటే ఆ అంకెను ప్రచురించడం ఆ నలుగురినీ చూపించడమే. పైగా నలుగురిని బట్టి శాతం కట్టలేము. అందుకే అలాంటి చిన్న సంఖ్యలను దాచేస్తారు.

వసుంధర: ఒప్పుకుంటాను. అయినా విడివిడిగా సేకరించి, అవసరమైతే ప్రచురణలో కలపవచ్చు. కలిపి సేకరించినదాన్ని తరువాత విడదీయలేము. 2024 మార్చిలో సవరించిన ఆదేశం ఏషియన్ కింద చైనీస్, ఏషియన్ ఇండియన్, ఫిలిప్పినో, వియత్నమీస్, కొరియన్, జపనీస్ గడులను సాధారణంగా ఇవ్వాలంటోంది.

రమణమూర్తి: అయితే ‘ఏషియన్ ఇండియన్’లో తెలుగువారూ పంజాబీలూ మళ్ళీ ఒకే గడి. వారి తిండి వేరు, మన తిండి వేరు.

కిశోర్: అలా విడదీస్తూ పోతే ఎక్కడ ఆపుతారండీ, జిల్లా దగ్గరా?