ముక్కూ మొహం తెలియనివారి అనుభవానికి సంతకం పెట్టొచ్చా? సీఐఎస్‌ఎస్‌పీ ఎండార్స్‌మెంట్‌పై చర్చ

వంశీ: సైబర్ సెక్యూరిటీలో సీఐఎస్‌ఎస్‌పీ పరీక్ష పాసై ఆరు వారాలైంది. మా ఆఫీసులో ఆ సర్టిఫికేషన్ ఉన్నవాళ్ళు ఎవరూ లేరు. లింక్డ్‌ఇన్‌లో తెలియనివాళ్ళకి మెసేజ్ పెట్టి, నా అనుభవం నిజమేనని ఎండార్స్ చేయమనడం తప్పా? సర్టిఫికేషన్ ఇచ్చే ఐఎస్‌సీ2 సంస్థనే చేయమని అడిగితే ఇబ్బంది పెడతారని ఒకరు భయపెట్టారు. నాది బీటెక్ సీఎస్‌ఈ. రెండేళ్ళు డెస్క్‌టాప్ సపోర్ట్, తర్వాత ఒక చిన్న కంపెనీలో సెక్యూరిటీ అలర్ట్‌లు చూసే టీమ్, అదే సాక్‌లో 2 ఏళ్ళ 3 నెలలు, ఇప్పుడు ఐడెంటిటీ టీమ్‌లో 1 ఏడాది 10 నెలలు. ఆ చిన్న కంపెనీ మూతపడింది. అదే టెన్షన్.

రమణ: ఇంత హైరానా ఎందుకు? మీ మేనేజర్ చేత సంతకం పెట్టించండి, చాలు. నా సీఐఎస్‌ఎంకి మా మేనేజరే పెట్టాడు, ఆయనకి ఒక్క సర్టిఫికేషన్ కూడా లేదు. అయినా మీకు మొత్తం ఆరేళ్ళు దాటింది కదా, కావలసింది అయిదే. సెక్యూరిటీ ప్లస్ కూడా ఉంటే డిగ్రీకి ఒకటి, దానికి ఒకటి, రెండేళ్ళు తగ్గుతాయి.

శ్రీలక్ష్మి: రమణ గారూ, మీరు చెప్పింది సీఐఎస్‌ఎం ఇచ్చే ఐసాకా సంస్థ పద్ధతి. అక్కడ మీ పని తెలిసిన పైఅధికారి ధ్రువీకరిస్తే సరిపోతుంది, ఆయనకి సర్టిఫికేషన్ ఉండాలన్న పట్టింపు లేదు. ఐఎస్‌సీ2 దగ్గర అలా కుదరదు. ఎండార్స్ చేసే మనిషికి ఐఎస్‌సీ2 సర్టిఫికేషన్ ఉండాలి, అది చెల్లుబాటులో ఉండాలి. ఆయన మెంబర్ నంబర్ మీ దరఖాస్తులో వేయాలి. తగ్గింపు కూడా ఎన్ని ఉన్నా ఒక్క ఏడాదికే. డిగ్రీతో ఆ ఏడాది వాడేసుకుంటే ఇంకో సర్టిఫికేట్ వల్ల అదనంగా ఏమీ రాదు.

వంశీ, ఎండార్సర్ సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ లెక్క చూడండి. సీఐఎస్‌ఎస్‌పీ సిలబస్‌లోని ఎనిమిది విభాగాల్లో, అంటే డొమైన్లలో, కనీసం రెండింటిలో చేసిన పనికే లెక్క. సాక్‌లో 27 నెలలు సెక్యూరిటీ ఆపరేషన్స్ కిందికి వస్తాయి, ఐడెంటిటీలో 22 నెలలు దాని సొంత డొమైన్ కిందికి. మొత్తం 49. డిగ్రీ తగ్గింపు పోను కావలసినవి 48. డెస్క్‌టాప్ సపోర్ట్‌లో ప్రింటర్లు, పాస్‌వర్డ్ రీసెట్లే చేసి ఉంటే దాన్ని కలపకండి. అంటే మీకు అదనంగా ఉన్నది ఒకే ఒక్క నెల. సాక్‌లో నెల మధ్యలో చేరి, నెల మధ్యలో మానేసి ఉంటే ఆ ఒక్కటీ గోవిందా. పూర్తి కాలం పని అంటే వారానికి 35 గంటలు, అలాంటి నాలుగు వారాలు కలిస్తే ఒక నెల. పరీక్ష పాసైన రోజు నుంచి ఎండార్స్‌మెంట్‌కి తొమ్మిది నెలల గడువుంది, మీకు ఇంకా ఏడు నెలలకి పైగా ఉంది. మీరు ఐడెంటిటీ టీమ్‌లోనే ఉన్నారు కాబట్టి మూడు నెలలు ఆగి పంపితే ఎవరూ వేలెత్తి చూపలేని లెక్క అవుతుంది.

ఫణి: అసలు ప్రశ్నకి రండి. తెలియనివాళ్ళని అడగడం తప్పే అంటాను. ఎండార్స్ చేసే మనిషి రాసిచ్చేది ఏమిటి? ఈయన చెప్పిన అనుభవం నాకు తెలిసినంతవరకు నిజమని, వృత్తిలో ఈయనకి మంచి పేరుందని. ముక్కూ మొహం తెలియని మనిషికి మంచి పేరుందని నాకెలా తెలుస్తుంది? ‘సార్, ప్లీజ్ ఎండార్స్ మీ’ అని రెజ్యూమే కూడా జతచేయకుండా మెసేజ్‌లు వస్తుంటాయి. కొందరైతే ఎంత తీసుకుంటారని అడుగుతున్నారు. డబ్బుకి సంతకం పెట్టేవాళ్ళు ఉన్నారు కాబట్టే అడుగుతున్నారు. రేపు ఆడిట్‌లో అబద్ధమని తేలితే నైతిక నియమావళి కింద ఇద్దరి సర్టిఫికేషన్‌కీ ముప్పే.

సుధీర్: ఫణి గారూ, డబ్బు సంగతి వేరు, అందులో రెండో మాట లేదు. కానీ కలిసి పనిచేసి ఉండాలని నియమం ఎక్కడుంది? ‘తెలిసినంతవరకు’ అన్నారంటేనే తెలుసుకోవచ్చని కదా. నేను కొందరికి చేశాను. రిలీవింగ్ లెటర్లు, పేస్లిప్పులు చూస్తాను. పీఎఫ్ పాస్‌బుక్‌లో కంపెనీ పేరు, జమైన నెలలు రిలీవింగ్ లెటర్ తేదీలతో కలుస్తున్నాయో లేదో చూస్తాను. పాత మేనేజర్‌తో మాట్లాడతాను. తర్వాత వీడియో కాల్. సాక్‌లో చేశానన్న మనిషిని ‘రాత్రి షిఫ్ట్‌లో మీకు వచ్చిన అలర్ట్‌ని ఎప్పుడు పై స్థాయి ఎల్2 టీమ్‌కి పంపేవారు, ఎప్పుడు మీరే మూసేసేవారు’ అని అడిగితే అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. పని చేసినవాడు టికెట్లో ఏం రాసేవాడో కూడా చెబుతాడు. చేయనివాడు పుస్తకంలో ఉన్నది చెబుతాడు.

ఫణి: పని వచ్చని తెలుస్తుంది, ఎన్ని నెలలు చేశాడో కాల్‌లో ఎలా తెలుస్తుంది? పీఎఫ్ పాస్‌బుక్ కంపెనీలో ఉన్నాడని చెబుతుంది, సాక్‌లో ఉన్నాడని చెప్పదు. ఇక పాత మేనేజర్ నిజంగా మేనేజరేనా, వాళ్ళ బావమరిదా?

కిరణ్ (డల్లాస్): నేను ఐఎస్‌సీ2నే ఎండార్స్ చేయమన్నాను, భయపడేంత ఏమీ లేదు. దరఖాస్తులో ఆ ఆప్షన్ ఉంటుంది. కాకపోతే కాగితాలు మొదటే పెట్టాలి. ఇక్కడి ఉద్యోగానికి లెటర్ రెండు రోజుల్లో ఇచ్చారు. హైదరాబాద్‌లో పాత ఉద్యోగం దగ్గరే చుక్కలు కనిపించాయి. మన రిలీవింగ్ లెటర్‌లో ‘సిస్టమ్స్ ఇంజనీర్, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు’ అని తప్ప ఏం చేశామో ఒక్క ముక్క ఉండదు. హెచ్‌ఆర్‌ని అడిగితే పాలసీ ప్రకారం హోదా, తేదీలు మాత్రమే ఇస్తామన్నారు. చివరికి పాత మేనేజర్ చేత చేసిన పనుల లెటర్ విడిగా రాయించి, రిలీవింగ్ లెటర్‌తో కలిపి పెట్టాను. ఒప్పుకున్నారు. మొత్తం అయిదారు వారాలు పట్టింది. అది అయ్యాక వార్షిక రుసుం కడితేనే సర్టిఫికెట్.

శ్రీలక్ష్మి: కిరణ్ గారు చెప్పిన పనుల లెటరే అసలు కీలకం. మెంబర్ చేత చేయించుకున్నా ఆడిట్‌కి ఎవరినైనా తీస్తారు, అప్పుడు అవే కాగితాలు అడుగుతారు. కాబట్టి ఎండార్సర్ దొరికితే కాగితాల పని తప్పుతుందనుకోవద్దు.

వంశీ, మూతపడ్డ కంపెనీకి లెటర్‌హెడ్ రాదు. ఆఫర్ లెటర్, రిలీవింగ్ లెటర్, ఫారం 16, పేస్లిప్పులు ఇప్పుడే ఒకచోట పెట్టుకోండి. మీ సాక్ లీడ్ ఇప్పుడు ఎక్కడున్నారో వెతికి, ఏ నెల నుంచి ఏ నెల వరకు ఏ పని చేశారో ఆయన పేరు, ఫోన్ నంబర్‌తో రాయించుకోండి. ఎండార్సర్ కోసం కూడా లింక్డ్‌ఇన్ కంటే ముందు పాత సహోద్యోగులు, మీ సాక్‌కి పని ఇచ్చిన క్లయింట్ వైపు వాళ్ళు, మీ కంపెనీని ఆడిట్ చేసినవాళ్ళు గుర్తుకు రావాలి. వాళ్ళు మీ పనిని కళ్ళారా చూసినవాళ్ళు. వాళ్ళకి పంపేటప్పుడు ఉద్యోగం, తేదీలు, డొమైన్, చేసిన పని ఒక పేజీలో పెట్టండి. ‘సెక్యూరిటీ పనులు చూశాను’ అని కాదు, ‘రోజువారీ అలర్ట్‌లు పరిశీలించి, ఫిషింగ్ కేసుల్లో ఖాతాలు బ్లాక్ చేయించాను’ అన్నట్టు. ఎవరూ దొరక్కపోతే ఐఎస్‌సీ2 దారి ఎలాగూ ఉంది. దానికి సిగ్గుపడక్కర్లేదు, వచ్చే సర్టిఫికేట్ ఒకటే.

సుధీర్: క్లయింట్ వైపు వాళ్ళ మాట బాగుంది. కానీ నాలాంటివాడు కాగితాలన్నీ చూశాక సంతకం పెట్టడం తప్పని మాత్రం ఒప్పుకోను. ఐఎస్‌సీ2లో దరఖాస్తు చూసేవాళ్ళకి వంశీ తెలుసా ఏమిటి? వాళ్ళూ కాగితాలే చూస్తారు.

ఫణి: వాళ్ళు తమ పేరు మీద చూస్తారు. మీరు మీ పేరు పణంగా పెడుతున్నారు. మీ ఇష్టం.

వంశీ: అందరికీ థాంక్స్. రిలీవింగ్ లెటర్ తీసి చూశాను. సాక్‌లో చేరింది నెల 18న, మానేసింది తర్వాత ఇంకో నెల 9న. శ్రీలక్ష్మి గారన్నట్టు 27 కాదు, 26 చిల్లర. మూడు నెలలు ఆగుతాను. లీడ్ ప్రస్తుతం పుణెలో ఉన్నారట, నంబర్ దొరికింది. ఇంకో సందేహం: డెస్క్‌టాప్ సపోర్ట్‌లో చివరి ఎనిమిది నెలలు యాంటీవైరస్ కన్సోల్, ప్యాచింగ్ నేనొక్కడినే చూశాను. అది కలుపుకోవచ్చా?

రమణ: కలిపేయండి.

శ్రీలక్ష్మి: అది చేశారని రాసిచ్చే మనిషి ఉంటే రాయండి. అయితే రోజులో ఎన్ని గంటలు దానికి పోయేవో నిజాయితీగా లెక్క వేసి, అంతవరకే. దాని మీద ఆధారపడి మాత్రం ముందే పంపకండి.