గుండె బొమ్మ చూడకుండా అంచెలంచెలుగా వేస్తుంటే పై నాళాలే ఎందుకు తప్పుతున్నాయి?

రెండో బెంచి
సెకండియర్ జువాలజీ, గుండె అంతర్నిర్మాణం బొమ్మ. నోట్స్ ఒకసారి చూసి మూసేసి, మొదట గదులు, తర్వాత కవాటాలు, తర్వాత రక్తనాళాలు, ఆఖర్న పేర్లు, ఈ వరసలో వేస్తున్నా. ప్రతి అంచె అయ్యాక నోట్స్ తెరిచి సరిచూసుకుంటున్నా. రాత్రి వేస్తే బాగానే వస్తోంది. మర్నాడు తెల్లకాగితం ముందు కూర్చుంటే గదులు వస్తాయి గానీ పైనున్న నాళాలు కలగాపులగం అయిపోతున్నాయి. అంచెలు ఇంకా చిన్నవి చెయ్యాలా? ఎన్ని రోజులకోసారి మళ్లీ వెయ్యాలి? రంగు పెన్సిళ్లు వాడొచ్చా?

జువాలజీ మాస్టారు
అంచెల్లో లోపం లేదు. నువ్వు సరిచూసుకునే తీరులో ఉంది. గదులు వేసి నోట్స్ తెరిచావనుకో, నీకు కనబడేది గదులొక్కటే కాదు కదా, మొత్తం బొమ్మ. తర్వాత వెయ్యాల్సిన నాళాలు అప్పుడే కంట్లో పడతాయి. రెండు నిమిషాల్లో వాటిని దించేస్తే గుర్తుండి వేసినట్టే అనిపిస్తుంది. అసలైతే అది చూసి వేసినదే. అందుకే తెల్లారేసరికి గదులు నిలబడి నాళాలు పోతున్నాయి. గదులు మాత్రం నువ్వు నిజంగా గుర్తు తెచ్చుకుని వేశావు.

దీనికి చెయ్యాల్సింది ఇది. నోట్స్‌లో బొమ్మ మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి నాలుగు కాగితాలు తయారు చేసుకో. మొదటి దాని మీద బయటి గీత, నాలుగు గదులు, మధ్య గోడ, అంతే. రెండో దాని మీద అవే గదులు, అదనంగా కవాటాలు, వాటి తాళ్లు. మూడో దాని మీద నాళాలు కలుపు. నాలుగో దాని మీద పేర్లు. ఇక ఆ వారమంతా నోట్స్ తెరవకు. ఏ అంచె వేస్తే ఆ కాగితంతోనే సరిచూసుకో, తర్వాతి కాగితాలు కవర్లో ఉండాలి.

సెకండియర్ అమ్మ
మా పాప రికార్డులో బొమ్మలు చాలా చక్కగా వేస్తుంది. అయినా లేబుల్ గీతలు ఒకదాన్నొకటి దాటాయని మార్కులు తగ్గించారు. పేర్లన్నీ కుడివైపే రాయాలా? రెండు వైపులా రాస్తే తప్పా? ఎవరైనా చెప్పండి ప్లీజ్.

నల్లమల
ట్రేసింగ్ పేపర్లు అవీ అనవసరపు శ్రమ మాస్టారూ. పోస్ట్‌కార్డు సైజు అట్ట ముక్క ఒకటి తీసుకుని పై సగం కప్పితే చాలు, నాళాలు కనబడవు. అసలు చిక్కు వేరే ఉంది. పిల్లలకి పుపుస ధమని ముందుంటుందా, మహాధమని ముందుంటుందా అన్నది తెలీదు. పుపుస ధమనే ముందు. ఎప్పుడూ అదే ముందు. ఇది ఒక్కటి గుర్తు పెట్టుకుంటే బొమ్మ తప్పే సమస్యే లేదు.

కరీంనగర్ కుర్రాడు
అన్నా, మా నోట్స్‌లో మహాధమని పైనుంచి కమానులా వంగి ఉంది. పుపుస ధమని కొమ్మ దాని కింద నుంచి, వెనక నుంచి పోతోంది. మీరు చెప్పినట్టు వేస్తే మహాధమని గీతని చెరిపేయాల్సొస్తుంది. ముందుండేది మహాధమనే.

నల్లమల
మీ నోట్స్ తప్పు. బోర్డు మీద ఎవరో హడావిడిగా వేసింది ఎక్కించుకుని ఉంటారు. కుడి జఠరిక గుండెకి ముందువైపు ఉంటుంది, దాంట్లోంచి బయల్దేరే నాళం వెనక్కెలా పోతుంది? తప్పు నోట్స్ పెట్టుకుని సరిచూసుకుంటే ఆ తప్పే గట్టిపడుతుంది.

కరీంనగర్ కుర్రాడు
నోట్స్ టెక్స్ట్‌బుక్‌తో పోల్చి చూసుకున్నాకే చెప్తున్నా. మీరు ఒకసారి పుస్తకం తెరవండి. ఊరికే తప్పు తప్పు అంటే ఎలా?

మైక్రోస్కోప్
ఇద్దరూ వేరు వేరు ఎత్తుల దగ్గర చూస్తూ కొట్టుకుంటున్నారు. గుండెని ఆనుకుని ఉన్న చోట నల్లమల గారు చెప్పింది నిజం. పుపుస ధమని మొదలు కుడి జఠరిక నుంచి లేచి, మహాధమని మొదలుకి ముందుగా అడ్డం వస్తుంది. అక్కడ పుపుస ధమని గీతలు పూర్తిగా కనబడాలి, మహాధమని గీతలు దాని దగ్గర ఆగిపోవాలి. కొంచెం పైకెళ్లాక పుపుస ధమని రెండుగా చీలుతుంది. ఆ చీలిక మహాధమని కమాను కింద ఉంటుంది. కుడి ఊపిరితిత్తికి పోయే కొమ్మ, పైకి లేస్తున్న మహాధమని వెనక నుంచి అడ్డంగా పోతుంది. అక్కడ మహాధమని గీతలు పూర్తిగా ఉండాలి, కొమ్మ గీతలు ఆగాలి. కింద ఒకటి ముందు, పైన రెండోది ముందు. ‘ఎప్పుడూ’ అన్న మాట దగ్గరే తేడా వచ్చింది.

రెండో బెంచీ, నీ మూడో అంచెని ఇక్కడ రెండుగా చీల్చు. మొదట మహాధమని ఒక్కటీ ఎడమ జఠరిక నుంచి లేపి కమాను తిప్పి ఆపు. తర్వాత పుపుస ధమని. రెండూ దాటుకునే రెండు చోట్లా గీత ఏది ఆగిందో, ఏది సాగిందో మాత్రమే చూసుకో. నాళాల వంపు అందంగా వచ్చిందా లేదా అన్నది తర్వాత సంగతి.

నల్లమల
మొదలు దగ్గర ముందుంటుందన్నాను, అది నిజమేనని మీరూ అన్నారు. సరే.

బొటనీ అక్క
గుండె కంటే ద్విదళబీజ కాండం అడ్డుకోతకి ఈ పద్ధతి ఇంకా బాగా కుదురుతుంది. గుండ్రం మొత్తం వెయ్యక్కర్లేదు. ఒక్క ముక్క వేస్తే చాలు, బయటి నుంచి లోపలికి ఒక్కో పొర ఒక్కో అంచె. బాహ్యచర్మం, దాని మీద అవభాసిని, అధశ్చర్మం, వల్కలం, అంతశ్చర్మం, నాళికాపుంజం, దవ్వ. ప్రతి పొరకీ కణం ఆకారం మారాలి, అక్కడే పిల్లలు అన్నీ ఒకేలా గుండ్రంగా గీసి పడేస్తారు. నాళికాపుంజంలో ప్రథమ దారువు దవ్వ వైపు ఉండాలి. తలకిందులైతే వేరు బొమ్మ లక్షణం కాండంలోకి వచ్చేసినట్టే. వేరులో ప్రథమ దారువు బయటి వైపుంటుంది. ఈ రెండు బొమ్మలూ ఒకే రోజు సాధన చెయ్యకండి, ఒకదాంట్లోది ఇంకోదాంట్లోకి దూరుతుంది.

జువాలజీ మాస్టారు
అక్కా, ఒకే రోజు వెయ్యకూడదన్న మాట ఒప్పుకోను. విడివిడిగా వచ్చేశాక ఆ రెండూ పక్కపక్కన వేస్తేనే తేడా నిలుస్తుంది. మొదటి రెండు మూడు రోజులకైతే మీ మాట సరే.

బొటనీ అక్క
పక్కపక్కన వెయ్యడం పరీక్ష ముందు వారం పని. ఇప్పుడే చేయిస్తే గందరగోళమే.

రెండో బెంచి
ఇవాళ్టి బొమ్మ ఫొటో పెట్టా. ట్రేసింగ్ కాగితాలు చేసుకుని, నోట్స్ తెరవకుండా వేసింది. మైక్రోస్కోప్ గారూ, మాస్టారూ, ఒకసారి చూడండి.

జువాలజీ మాస్టారు
చూశాను. గదులు, మధ్య గోడ సరిగ్గా ఉన్నాయి. గుండె కుడి భాగం కాగితానికి ఎడమవైపు రావాలని మర్చిపోలేదు, మంచిది. నాలుగు చోట్ల దిద్దుకో.

రెండు జఠరికల గోడలూ ఒకే మందంలో వేశావు. ఎడమది కుడిదానికి దాదాపు మూడింతలు ఉండాలి. మొదటి అంచెలోనే లోపలి గీత వేసేటప్పుడు ఇది తేల్చుకో. తర్వాత మందం పెంచబోతే లోపల కవాటాలకి చోటుండదు.

అర్ధచంద్రాకార కవాటాల జేబులు జఠరిక వైపు తెరుచుకున్నట్టు వేశావు. తెరుచుకోవాల్సింది నాళం వైపు, అంటే పైకి. వెనక్కి జారే రక్తం ఆ జేబుల్లో నిండితేనే కవాటం మూసుకుంటుంది. నీ బొమ్మలో ఆ రక్తం నేరుగా జఠరికలోకి జారిపోతుంది.

త్రిపత్ర కవాటం తాళ్లని మధ్య గోడ మీద ఎక్కడో వదిలేశావు. కవాటం పత్రాల అంచు నుంచి బయల్దేరిన తాడు పాపిల్లరీ కండరం కొన మీద దిగాలి. ముందు జఠరిక గోడ నుంచి చిన్న దిమ్మలా కండరం లేపు, తర్వాత తాడు లాగు. ఆ వరసలో వేస్తే తాడు గాల్లో వేలాడదు.

ఆఖరిది చాలామంది చేసేది. కుడి ఊపిరితిత్తి నుంచి వచ్చే పుపుస సిరలు రెండూ కుడి కర్ణికలో కలిసినట్టు వేశావు. నాలుగు పుపుస సిరలూ ఎడమ కర్ణికకే పోతాయి. కుడివైపువి కుడి కర్ణిక వెనక నుంచి వస్తాయి కాబట్టి, బొమ్మలో వాటి గీతలు కుడి కర్ణిక బయటి గీత దగ్గర ఆగాలి. ఆ గీతకి కన్నం పెట్టకూడదు.

మైక్రోస్కోప్
ఈ నాలుగో తప్పు ట్రేసింగ్ కాగితం తీయకముందే పట్టుకోవచ్చు. నాళాలు వేశాక పెన్సిల్ మొన మహాసిర మీద పెట్టి రక్తం పోయే దారిలో నడిపించు. కుడి కర్ణిక, త్రిపత్ర కవాటం, కుడి జఠరిక, పుపుస ధమని. మళ్లీ పుపుస సిర దగ్గర మొదలుపెట్టి ఎడమ కర్ణిక, ద్విపత్ర కవాటం, ఎడమ జఠరిక, మహాధమని. మొన ఎక్కడైనా గోడకి తగిలినా, ఊపిరితిత్తి నుంచి వచ్చినది కుడి కర్ణికలోకి దూరినా, అక్కడ తప్పుంది. అయితే గోడ మందం, తాళ్ల అతుకు, నాళాల ముందు వెనకలు ఈ నడకలో దొరకవు. వాటికి కాగితం కావాల్సిందే.

కరీంనగర్ కుర్రాడు
ట్రేసింగ్ కాగితాన్ని మన బొమ్మ మీద పెట్టి పోల్చొచ్చు కదా? గీత మీద గీత పడిందో లేదో తెలిసిపోతుంది.

మైక్రోస్కోప్
వద్దు తమ్ముడూ. పరీక్షలో బొమ్మ సైజు పుస్తకంలోలా ఉండదు. గీత మీద గీత పడలేదని సరిగ్గా ఉన్న బొమ్మని చెరిపేస్తావు. పక్కన పెట్టుకుని చూడు. ఏది దేంట్లోంచి బయల్దేరింది, ఏది దేన్ని దాటింది, ఏది ఎక్కడ అతుక్కుంది అన్నదే చూడాలి.

నీట్ 2వ సారి
నీట్‌లో అన్నీ మల్టిపుల్ ఛాయిస్ ప్రశ్నలే. బొమ్మ ఇచ్చి A, B, C, D గుర్తించమంటారు. దానికింత గీయడం దేనికి? పేర్లు తీసేసిన బొమ్మ జిరాక్స్ తీసుకుని పేర్లు నింపితే సరిపోతుంది, టైమ్ మిగులుతుంది.

జువాలజీ మాస్టారు
పేర్లు అడిగే ప్రశ్నకి జిరాక్స్ సరిపోతుంది, కాదనను. గీత ఆల్రెడీ ఉన్న చోట పేరు పెట్టడం వేరు, గీతే నువ్వు తేవడం వేరు. ఇంటర్‌లో బొమ్మ నువ్వే వెయ్యాలి. రెండో బెంచి అడిగింది ఇంటర్ గురించి.

రెండో బెంచి
లిగమెంటమ్ ఆర్టీరియోసమ్ ఎక్కడ వెయ్యాలో కూడా ప్రతిసారీ మర్చిపోతున్నా. ఏ అంచెలో పెట్టాలి? రోజుల లెక్క కూడా ఎవరూ చెప్పలేదు.

మైక్రోస్కోప్
పుపుస ధమని చీలే చోటుకీ మహాధమని కమాను కింది అంచుకీ మధ్య చిన్న కట్టులా ఉంటుంది. నాళాల అంచెలో అన్నిటికంటే ఆఖర్న వెయ్యి. చీలికని కమాను కిందకి తెచ్చి ఉంటే అది అర అంగుళం కూడా పట్టదు. దాన్ని వెయ్యడానికి చోటు దొరకలేదంటే పుపుస ధమనిని కమాను పైకి లాగేశావన్నమాట. పేర్ల అంచెకి పోకుండా అక్కడే ఆగి నాళాలు మళ్లీ వేసుకో. రోజుల సంగతంటావా, వేసిన మర్నాడు పొద్దున్న, మూడో రోజు, మళ్లీ వారానికి వేసుకో. తప్పిన అంచె ఒక్కటీ మర్నాడు విడిగా వెయ్యి.

బొటనీ అక్క
తప్పిన అంచె ఒక్కటే వేస్తే దాని కిందిది తప్పినా తెలీదు. మొదటి నుంచీ మొత్తం వెయ్యాలి.

మైక్రోస్కోప్
మొత్తం వేస్తే ఎప్పుడూ వచ్చే గదుల మీదే సగం టైమ్ పోతుంది అక్కా. వారానికోసారి మొత్తం, మిగతా రోజుల్లో తప్పినదే.

సెకండియర్ అమ్మ
లేబుల్ గీతల గురించి ఎవరూ చెప్పలేదు. పాపకి సోమవారం రికార్డు ఇవ్వాలి.

బొటనీ అక్క
కుడివైపు ఒకే వరసలో రాస్తే దిద్దేవాళ్లకి తేలిక, రెండు వైపులా రాసినా తప్పు కాదమ్మా. దాటుకోకుండా ఉండాలంటే పైనున్న భాగం పేరు పైన, కిందనున్నది కింద రాయమనండి. గీత స్కేలుతో అడ్డంగా లాగాలి, దాని కొన ఆ భాగం మీదే ఆగాలి. ద్విపత్ర కవాటం గీత జఠరిక ఖాళీలో ఆగితే, పేరు సరిగ్గా రాసినా అది జఠరికని చూపించినట్టవుతుంది.